సీనియర్ డిక్లరేషన్‌తో కలిస్తే కలవనివ్వండి

ప్రశ్న: అయ్యా, నేను తిరుపతిలో పోషకాహార శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. చంద్రగిరి, పాకాల మండలాల్లోని బడుల్లో 13 నుంచి 16 ఏళ్ల ఆడపిల్లల రక్తహీనత మీద నా పరిశోధన. థీసిస్‌ను సాఫ్ట్‌వేర్‌తో తనిఖీ చేయిస్తే పోలిక 12 శాతం వచ్చింది. డిక్లరేషన్, గైడుగారి సర్టిఫికెట్, ఎథిక్స్ కమిటీ అనుమతి పేరా మొత్తం ఎర్రగా కనిపిస్తున్నాయి. అన్నీ మా సీనియర్ థీసిస్‌తో కలిశాయట. రెండు రాత్రులు కూర్చుని ఆ మూడింటిలో మాటలు మార్చాను. 11కు దిగింది. ఇంకా 10 లోపుకు రావాలి. బాలాజీ కాలనీలో ఒక డీటీపీ సెంటర్ వాళ్లు 2 వేలు ఇస్తే శాతం తగ్గిస్తామంటున్నారు. గైడుగారు ఏమీ చెప్పడం లేదు. రిజిస్ట్రేషన్ రద్దవుతుందేమోనని భయంగా ఉంది. నేను డిక్లరేషన్ కాపీ కొట్టినట్టేనా? ఏం చేయాలి? రెండు రిపోర్టులూ, పాత పేజీలూ, మార్చిన పేజీలూ జతచేశాను.
— ఒక పరిశోధక విద్యార్థిని, తిరుపతి

సమాధానం:

అమ్మా, ముందుగా ఒక పని చేయండి. మీరు మార్చిన పేజీలు తీసేసి, విశ్వవిద్యాలయం ఇచ్చిన నమూనాలో ఉన్న డిక్లరేషన్‌నూ సర్టిఫికెట్‌నూ అక్షరం పొల్లుపోకుండా తిరిగి పెట్టండి. ఎథిక్స్ పేరాలో కూడా పాత మాటలే ఉండాలి. అందులో వేరే కారణంతో ఒక దిద్దుబాటు అవసరమైంది, దాని సంగతి తర్వాత చెబుతాను. మీరు కాపీ కొట్టలేదు. కానీ ఆ రెండు రాత్రుల్లో చేసిన మార్పుల వల్ల, అంతకు ముందు లేని తప్పులు మూడు మీ థీసిస్‌లోకి వచ్చాయి. మీరు పంపిన పాత, కొత్త పేజీలను పక్కపక్కన పెట్టుకుని చదివాను కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలుగుతున్నాను.

పాత డిక్లరేషన్‌లో ఒక వాక్యం ఉంది. మీ థీసిస్ ఇంగ్లీషులో ఉంది కాబట్టి దాని సారాన్ని తెలుగులో రాస్తున్నాను: ఈ గ్రంథాన్ని గానీ, ఇందులో ఏ భాగాన్ని గానీ ఏ డిగ్రీ కోసమూ, డిప్లొమా కోసమూ మరే విశ్వవిద్యాలయానికీ ఇంతకు ముందు సమర్పించలేదు. మీరు దాన్ని మార్చి, ఈ గ్రంథానికి ఇంతవరకు మరే విశ్వవిద్యాలయమూ పట్టా ఇవ్వలేదు అని రాశారు. చదవడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి, కానీ అర్థం వేరు. ఒకరు ఇదే గ్రంథాన్ని మరోచోట సమర్పించి, అక్కడ తిరస్కారానికి గురై, ఇక్కడికి తెచ్చారనుకోండి. పాత వాక్యం కింద ఆయన సంతకం పెడితే అబద్ధమవుతుంది. మీ కొత్త వాక్యం కింద మాత్రం నిశ్చింతగా పెట్టేయవచ్చు. ఎందుకంటే పట్టా నిజంగానే రాలేదు. విశ్వవిద్యాలయం సమర్పించడం అన్న మాటనే ఎంచుకున్నది ఆ దారి మూసేయడానికి. మీకు దాచవలసింది ఏదీ లేకపోయినా, మీ డిక్లరేషన్ ఇప్పుడు ఏదో దాస్తున్నట్టు కనిపిస్తోంది. నమూనాతో పోల్చి చూసే పరీక్షా విభాగం గుమస్తాకు మొదట కంట పడేది అదే.

సర్టిఫికెట్ విషయం ఇంకా సున్నితమైనది. అందులో మాట్లాడేది మీరు కాదు, మీ గైడు. ఈ పని తన పర్యవేక్షణలో ఈ విద్యార్థిని స్వయంగా చేసిందని ఆయన హామీ ఇస్తున్నారు. ఆయన చెప్పే మాటను మీరు మార్చి, ఆయన సంతకానికి పెట్టబోతున్నారు. మీ ఉద్దేశంలో ఏ దోషమూ లేదని నాకు తెలుసు. అయినా ఒకరి హామీపత్రంలో మాటలు మార్చే హక్కు ఇంకొకరికి ఉండదు.

మూడోది ఎథిక్స్ పేరా. రాతపూర్వక అంగీకారం తీసుకున్నామని పాత వాక్యంలో ఉంటే, పాల్గొన్నవారు తమ అంగీకారాన్ని తెలియజేశారని మీరు మార్చారు. రాతపూర్వకం అన్న ఒక్క మాట ఎగిరిపోయింది. వైవాలో బయటి పరీక్షకుడు అడగవలసిన ప్రశ్న అదే అవుతుంది: నోటిమాటగానా, కాగితం మీదనా? పిల్లల వేలి నుంచి రక్తం తీసిన పరిశోధన ఇది. నోటి అంగీకారంతో సరిపెట్టారన్న అనుమానం రావడం మీకు మంచిది కాదు.

ఇలాంటి వాక్యాలు అన్ని థీసిస్‌లలోనూ ఒకేలా ఉండాలని కోరేది విశ్వవిద్యాలయాలే. ఇంటి రిజిస్ట్రేషన్ దస్తావేజు చూసే ఉంటారు. ఊళ్లో అందరి దస్తావేజుల్లోనూ అవే వాక్యాలు ఉంటాయి, మారేవి పేర్లూ, హద్దులూ, తేదీలూ. ఎవరూ దాన్ని పక్కింటి దస్తావేజు నుంచి దొంగిలించారని అనరు. డిక్లరేషన్ కూడా ఆ కోవకు చెందిన పత్రమే. అందులో కొత్తదనం చూపినందుకు మీకు పట్టా ఇవ్వరు, పాత మాటలే వాడినందుకు ఆపరు. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలు గ్రంథచౌర్యానికి ఇచ్చిన నిర్వచనం చిన్నది: ఇతరుల పనినో ఆలోచననో తీసుకుని తనదిగా చూపించుకోవడం. డిక్లరేషన్‌లోని వాక్యాలు మీరు కనిపెట్టినవని ఏ చదువరీ అనుకోడు. మీ సీనియర్ కూడా వాటిని కనిపెట్టలేదు. ఆమె థీసిస్ మీకంటే ముందు, థీసిస్‌లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే శోధగంగలోకి చేరింది, అందుకే రిపోర్టు ఆమె పేరు చూపిస్తోంది. ఆమెకు ముందు అదే నమూనాలో ఎంతమంది సంతకం పెట్టి ఉంటారో ఆలోచించండి.

అవే నిబంధనలు పోలిక లెక్కలోకి రాకూడనివి కొన్నింటిని చెప్పాయి. మూలం చెప్పి కొటేషన్‌గా ఇచ్చిన భాగాలు, రిఫరెన్సులు, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, సాధారణ పదాలు, చట్టాలు, ప్రామాణిక చిహ్నాలు, సమీకరణాలు ఆ జాబితాలో ఉన్నాయి. అందరికీ తెలిసిన సంగతులకో, యాదృచ్ఛికంగా కలిసే మాటలకో వరుసగా 14 పదాల దాకా మినహాయింపు ఉంది. డిక్లరేషన్, సర్టిఫికెట్ అన్న పేర్లు ఆ జాబితాలో విడిగా లేవు. కొన్నిచోట్ల తనిఖీ చేసేవారు తటపటాయించడానికి అదే కారణం. కానీ ఆ నిబంధనలే ప్రతి విద్యార్థీ తన రచన సొంతమని, సాఫ్ట్‌వేర్‌తో తనిఖీ అయిందని హామీ రాసివ్వాలనీ, ప్రతి గైడూ ఇందులో గ్రంథచౌర్యం లేదని ధ్రువీకరించాలనీ కోరుతున్నాయి. అందరూ ఒకే మాట చెప్పాలని కోరిన నియమం, ఒకే మాట చెప్పినందుకు ఎవరినీ తప్పుపట్టదు. సారాంశం, పరికల్పన, పరిశీలనలు, ఫలితాలు, ముగింపు, సిఫార్సులు మాత్రం సొంతవై ఉండాలని, వాటిలో పోలికలు ఉండకూడదని స్పష్టంగా రాసి ఉంది. పట్టించుకోవలసిన చోటు అదే.

ఇక మీ 12 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మొదటి రిపోర్టును పేజీ పేజీగా లెక్కవేశాను. మీరు ఎక్కించిన ఫైలులో 40,000 పదాలున్నాయి. అందులో 12 శాతమంటే 4,800 పదాలు ఎక్కడో ఒకచోట ఇదివరకే ఉన్నాయని అర్థం. సాఫ్ట్‌వేర్‌కు తెలిసింది అంతే. ఈ మాటల వరుస తన దగ్గరున్న ఫలానా పత్రంలోనూ ఉందని అది చెప్పగలదు. ఎందుకు ఉందో చెప్పలేదు.

ఆ 4,800లో ముఖపత్రం, డిక్లరేషన్, సర్టిఫికెట్లు, విషయసూచిక కలిపి 910 పదాలు. థీసిస్ చివర అనుబంధాల్లో మీరు పెట్టిన సమ్మతి పత్రం, సమాచార పత్రం, ప్రామాణిక ఆహార ప్రశ్నావళి కలిపి 2,100. ఎథిక్స్ పేరా 110. ఈ మూడింటినీ కూడితే 3,120 పదాలు, అంటే మీ 12 శాతంలో దాదాపు 8 శాతం ఇదే. మీరు రెండు రాత్రులు మార్చినవి డిక్లరేషన్, ఒక సర్టిఫికెట్, ఎథిక్స్ పేరా కలిపి 440 పదాలు. అందుకే 12 కాస్తా 11 దగ్గర ఆగింది. ఇంకా తగ్గించాలంటే మీకు కనిపించే తర్వాతి మేత అనుబంధాలు. దయచేసి అటు వెళ్లకండి.

ఎందుకంటే అనుబంధంలో ఉన్న సమ్మతి పత్రం మీరు రాసిన వ్యాసం కాదు, జరిగినదానికి సాక్ష్యం. ఎథిక్స్ కమిటీ ఆ పత్రాన్నే చూసి అనుమతి ఇచ్చింది. చంద్రగిరిలో తల్లిదండ్రులు ఆ పత్రం మీదనే సంతకాలు చేశారు. ఇప్పుడు శాతం కోసం మాటలు మారిస్తే, థీసిస్‌లో ఉన్నది ఎవరూ సంతకం చేయని, కమిటీ ఎన్నడూ చూడని పత్రం అవుతుంది. ప్రశ్నావళికీ ఇదే వర్తిస్తుంది. దాన్ని ప్రామాణికమని పిలవడం ఆ మాటలతో, ఆ వరుసలో అడిగి పరీక్షించారు కాబట్టే. మీరు పిల్లలను అడిగింది ఒక ప్రశ్న, అచ్చులో ఉన్నది మరో ప్రశ్న అయితే మీ ఫలితాలకే ఆధారం పోతుంది.

మరి ఏం చేయాలి? మాటలు మార్చడం కాదు, లెక్కలోకి ఏం వెళ్లాలో మార్చాలి. ముందు పేజీలు, రిఫరెన్సులు, అనుబంధాలు లేకుండా, మొదటి అధ్యాయం నుంచి ముగింపు దాకా ఉన్న ఫైలును మాత్రమే తనిఖీకి ఇవ్వండి. మీ లైబ్రరీలో ఈ పద్ధతి ఉందో లేదో అడగండి, చాలాచోట్ల ఉంది. చిన్న పోలికలను వదిలేసే సెట్టింగును 14 పదాల దగ్గర పెట్టమనండి. మీ ఫైలులో ముందు పేజీలూ అనుబంధాలూ తీసేస్తే సుమారు 35,000 పదాలు మిగులుతాయి. పోలిన పదాలు 1,790 మిగులుతాయి. అంటే 5 శాతం చిల్లర. తీసేసిన పేజీలతోపాటు మొత్తం పదాలు కూడా తగ్గుతాయి కాబట్టి శాతం అనుకున్నంత దిగదు, దానికి కంగారు పడవద్దు. యూజీసీ లెక్కలో 10 శాతం దాకా ఏ చర్యా లేదు. 10 దాటి 40 దాకా ఉన్నా, థీసిస్‌ను ఆరు నెలలకు మించని గడువులో సరిచేసి తిరిగి ఇవ్వమంటారు. మీరు భయపడినట్టు వెంటనే రిజిస్ట్రేషన్ రద్దు కాదు. అది 60 శాతం దాటినవారికి.

ఈ పని చేసేటప్పుడు ఒక చోట జాగ్రత్త అవసరం. ఇక్కడే చాలామంది తెలియక పొరపాటు చేస్తారు. రిపోర్టు పక్కన మూలాల జాబితా ఉంటుంది కదా, మీ జాబితాలో మొదటి మూలం మీ సీనియర్ థీసిస్, 3 శాతం. ఆ మూలాన్ని మొత్తంగా లెక్క నుంచి తీసేసే మీట కూడా అక్కడే ఉంటుంది. డిక్లరేషనే కదా కలిసింది అని ఎవరైనా దాన్ని నొక్కేస్తే, క్షణంలో 3 శాతం మాయమవుతుంది. అలా చేయనివ్వకండి. పేజీలను తీసేయవచ్చు గానీ మూలాన్ని తీసేయకూడదు. ఎందుకో మీ రిపోర్టులోనే ఉంది.

ఆ 3 శాతమంటే 1,200 పదాలు. అందులో డిక్లరేషన్, సర్టిఫికెట్ 330. ఎథిక్స్ పేరా 110. మీ విభాగంలో అందరూ వాడే సమ్మతి పత్రం నమూనా దాదాపు 500. ఇంతవరకు ఏదీ దిద్దనక్కర్లేదు. మిగిలిన 260 పదాలు మీ రెండో అధ్యాయంలో, 34వ పేజీలో ఉన్నాయి. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి ఎంతవరకు పడుతుంది, విటమిన్ సి దానికి ఎలా సాయపడుతుంది, భోజనంతోపాటు తాగే టీ ఎలా అడ్డుపడుతుంది అని చెప్పే పేరా అది. సంగతులు అందరికీ తెలిసినవే. కానీ వాక్యాలు మీ సీనియర్‌వి. అదే వరుస, అదే ముగింపు, అవే ఐదు రిఫరెన్సులు అదే క్రమంలో. వాటిలో నాలుగో రిఫరెన్సు దగ్గర ఇద్దరూ ఒకే సంవత్సరం వేశారు. మీ థీసిస్ చివరి జాబితాలో అదే వ్యాసానికి సంవత్సరం వేరేగా ఉంది. మీ సీనియర్ వేసిన తప్పు సంవత్సరం మీ పేరాలోకి నడిచి వచ్చింది. ఆ వ్యాసం తెరచి చదివినవారు ఆ పొరపాటు చేయరు.

కటువుగా అనిపిస్తే మన్నించండి. నోట్సులో ఎప్పుడో రాసుకున్న పేరా, రెండేళ్ల తర్వాత మన సొంత రాతలాగే కనిపిస్తుంది, నేను ఎంతోమంది విషయంలో చూశాను. కానీ చూడండి, డిక్లరేషన్ ఏ రంగులో ఉందో 34వ పేజీ కూడా అదే రంగులో ఉంది. పక్కన అదే సీనియర్ పేరు, అదే 1 అన్న అంకె. మీరు రాత్రంతా మెలకువగా ఉండి మొదటిదాన్ని మార్చారు, రెండోదాన్ని ముట్టుకోలేదు. శాతాన్నే చూస్తూ కూర్చుంటే జరిగేది ఇదే. 440 పదాలు మార్చడం 260 పదాలు మార్చడం కంటే ఎక్కువ ఫలమిస్తుంది కదా!

ఆ పేరాను మాటలు మార్చి నెట్టుకురావద్దు. ఐదు వ్యాసాలూ తెరిచి, మీకు అవసరమైనవి చదివి, పాకాల పిల్లల భోజనానికి వాటిలో ఏది సంబంధించిందో మీ మాటల్లో రాయండి. ఐదూ అవసరం కాకపోవచ్చు. మీ పట్టికల్లోనే పిల్లలు ఉదయం టిఫిన్‌తో టీ తాగడం గురించి లెక్కలున్నాయి. ఆ పేరా అక్కడికి దారితీస్తే సీనియర్ పేరాకూ మీ పేరాకూ పోలికే ఉండదు.

ఇప్పుడు ఎథిక్స్ పేరా దగ్గరికి వస్తాను. పాత మాటలే పెట్టండి అన్నాను. కానీ నమూనా పేరా నిరపాయకరం కావాలంటే అందులో ఉన్న ప్రతి ముక్కా మీ పరిశోధనలో నిజమై ఉండాలి. మీ సీనియర్ పరిశోధన గర్భిణుల మీద, అందరూ పెద్దవారు. పాల్గొన్న వారందరూ సమ్మతి పత్రం మీద సంతకం చేశారని ఆమె రాస్తే సరిపోయింది. మీవారు 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు. చట్టం ప్రకారం వారి సమ్మతి ఒక్కటే చెల్లదు, తల్లో తండ్రో సంరక్షకులో అనుమతి ఇవ్వాలి. దాంతోపాటు పిల్లలను కూడా అడగాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు 12 ఏళ్లు దాటి 18 లోపు ఉన్నవారి దగ్గర ఆ ఒప్పుకోలును రాతపూర్వకంగా తీసుకోవాలంటున్నాయి. మీ అనుబంధాల్లో తల్లిదండ్రుల పత్రం, పిల్లల పత్రం రెండూ ఉన్నాయి, అంటే మీరు పని సక్రమంగానే చేశారు. పేరాలో మాత్రం ఆ సంగతి లేదు, పెద్దవారి వాక్యమే ఉండిపోయింది. సాఫ్ట్‌వేర్ ఆ వాక్యాన్ని ఎర్రగా చూపించింది. కానీ దాన్ని దిద్దవలసిన కారణం పోలిక కాదు, అది మీ పరిశోధన గురించి నిజం చెప్పకపోవడం.

చదవడం రాని తల్లులు కొందరు ఉన్నారని మూడో అధ్యాయంలో రాశారు. వారి వేలిముద్రతోపాటు పరిశోధనతో సంబంధం లేని ఒక సాక్షి సంతకం ఉండాలి. మీరు తీసుకుని ఉంటే ఆ ముక్క కూడా పేరాలో చేర్చండి. తీసుకోకపోతే చేర్చకండి, ముందుగా గైడుగారికి చెప్పండి. కమిటీ పేరు, అనుమతి నంబరు, తేదీ మీవేనా అని మరోసారి చూడండి. అనుమతి తేదీ, మీరు బడికి మొదటిసారి వెళ్లిన తేదీకి ముందే ఉండాలి. నేను లైబ్రరీలో ఈ తనిఖీ పని చూసే రోజుల్లో ఒక థీసిస్ వచ్చింది. శాతం ఆరే. ఎథిక్స్ పేరాలో అనుమతి నంబరు మాత్రం మూడేళ్ల కిందటి మరొకరిది. నమూనాగా తెచ్చుకున్న ఫైలులో నంబరు మార్చడం మరచిపోయారు. శాతం చూసి సంతకం పెట్టేవారు ఎవరూ దాన్ని పట్టుకోలేదు, పరీక్షకుడు పట్టుకున్నాడు. ఆ విద్యార్థికి అసలు అనుమతి ఉంది, అయినా అది నిరూపించుకోవడానికి నెలలు పట్టింది. ఒకేలా ఉండవలసిన వాక్యంలో ఒకేలా ఉండకూడనివి ఈ అంకెలే.

పేరాలో హెల్సింకి ప్రకటన సూత్రాలు పాటించామన్న వాక్యం కూడా ఎర్రగా వచ్చింది, దాన్ని కదిలించకండి. ప్రపంచ వైద్య సంఘం 1964లో హెల్సింకిలో ఆమోదించిన పత్రం అది. దాని పేరు ప్రతి పరిశోధనలోనూ ఒకేలా రాస్తారు. మనుషుల మీద పరిశోధన చేసిన లక్షల వ్యాసాల్లో ఆ వాక్యం ఉంటుంది.

మాటలు మార్చే డీటీపీ సెంటర్ గురించి. వారు చేసే పనుల్లో ఒకటి ప్రతి మాటకూ పర్యాయపదం పెట్టడం. స్థిరపడిన శాస్త్ర పదాలకు అలా చేస్తే ఏమవుతుందో పరిశోధన పత్రికల్లోనే బయటపడింది. రొమ్ము క్యాన్సర్ అన్న మామూలు ఇంగ్లీషు పదం స్థానంలో బూజమ్ పెరిల్ అన్న వింత పదం అచ్చయింది. అలాంటి పదాలు కనిపిస్తే ఆ రచన యంత్రంతో తిరగరాయించినదని ఇప్పుడు పరిశోధకులు గుర్తుపడుతున్నారు. ఇంకొందరు అక్షరాల మధ్య తెల్లరంగు అక్షరాలు దాస్తారు, ఇంగ్లీషు అక్షరాల స్థానంలో అచ్చం అలాగే కనిపించే వేరే లిపి అక్షరాలు పెడతారు. టర్నిటిన్ లాంటి సాఫ్ట్‌వేర్లు వాటిని పసిగట్టి రిపోర్టు మీదనే హెచ్చరిక పెడతాయి. ఇంతవరకు మీ మీద ఎవరికీ అనుమానం లేదు. ఆ 2 వేలతో కొనుక్కునేది అనుమానాన్నే. పైగా ఫైలు వారి దగ్గర ఎక్కడెక్కడ తనిఖీ అవుతుందో మీకు తెలియదు. ఒకసారి ఏదైనా సాఫ్ట్‌వేర్ భాండాగారంలో మీ థీసిస్ నిలిచిపోతే, తర్వాతి రిపోర్టులో మీ రచన మీతోనే 90 శాతం కలిసిందని వస్తుంది.

మీ గైడు ఏమీ చెప్పడం లేదంటే, ఆయన ముందు రిపోర్టు మొత్తం పెట్టి ఏం చేయమంటారని అడిగారేమో అనిపిస్తోంది. 100 పేజీల రంగుల కాగితాలు చూసి ఎవరికైనా మాట రాదు. బదులుగా ఒక అరపేజీ నోటు రాసి తీసుకెళ్లండి. ఇలా ఉంటే చాలు:

"ముందు పేజీల్లోని 910 పదాలు విశ్వవిద్యాలయ నమూనా, విషయసూచిక. అనుబంధాల్లోని 2,100 పదాలు కమిటీ ఆమోదించిన పత్రాలు, ప్రామాణిక ప్రశ్నావళి. వీటిని మార్చలేదు. అధ్యాయాలను మాత్రమే తనిఖీ చేస్తే పోలిక సుమారు 5 శాతం. 34వ పేజీలోని పేరాను మూలాలు చదివి తిరిగి రాశాను. మూడో అధ్యాయంలోని ఎథిక్స్ పేరాలో తల్లిదండ్రుల అనుమతి, పిల్లల సమ్మతి వివరాలు చేర్చాను."

ఆయన దాని మీద సంతకం పెడితే, ఆ కాగితాన్ని రిపోర్టుతో కలిపి లైబ్రరీకి ఇవ్వండి. రేపు ఎవరైనా ఫిర్యాదు చేసినా, యూజీసీ నిబంధనల ప్రకారం అది మొదట విభాగ స్థాయి కమిటీ ముందుకు వెళుతుంది. అక్కడ కూర్చునేది మనుషులే, మీ నోటు వారికి ఉపయోగపడుతుంది.

మరో విషయం నా మనసులో ఉంది. ఈ పనిలో చేరిన తొలి ఏడాది, డిక్లరేషన్ వల్లనే శాతం దాటిన ఒక అబ్బాయిని నేనూ వెనక్కి పంపాను. ముందు పేజీలు పక్కన పెట్టి చూడాలన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు. వారం తర్వాత అతను మార్చి తెచ్చిన డిక్లరేషన్ చదివితే ఒక్క వాక్యానికీ అర్థం లేదు. ఆ రోజు నుంచి రిపోర్టు చేతికి వస్తే శాతం కంటే ముందు పేజీలు తిప్పుతాను. లైబ్రరీలో ఎవరైనా మిమ్మల్ని అలాగే వెనక్కి పంపితే కోపం తెచ్చుకోకుండా, అధ్యాయాలు మాత్రమే ఉన్న రిపోర్టు తీయమని మర్యాదగా అడగండి.

అనుబంధంలో ఇంకొకటి చూశాను. సమ్మతి పత్రం కింద ఒక తల్లి సంతకం, ఆమె కూతురి పేరు, బడి పేరు ఉన్న నకలు పెట్టారు. దాన్ని తీసేసి ఖాళీ పత్రం పెట్టండి. తెలుగులో మీరు చదివి వినిపించిన పత్రమే పెట్టండి, దాని ఇంగ్లీషు అనువాదం పక్కన ఉండాలి. థీసిస్ శోధగంగలోకి వెళ్లాక ఎవరైనా తెరిచి చూడవచ్చు. పిల్లల పేర్లున్న పత్రాలు మీ విభాగంలో తాళం వేసిన బీరువాలోనే ఉండాలి.